చేపల డెలివరీ కంపెనీ పెరగాలంటే లెక్క ఆర్డరు దగ్గర కాదు, హబ్ దగ్గర మొదలవ్వాలి

ప్రశ్న: విశాఖలో శుభ్రం చేసిన చేపలను ఇంటికి డెలివరీ చేసే కంపెనీ మాది. చేపను కోసి, ప్యాక్ చేసి పంపే మా ఎంవీపీ కాలనీ హబ్ 20 నెలలుగా, గాజువాక హబ్ 7 నెలలుగా నడుస్తున్నాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు సగటున నెలకు 6,000 ఆర్డర్లు, సగటు ఆర్డరు 525 రూపాయలు, గ్రాస్ మార్జిన్ 31 శాతం. కొత్త కస్టమర్‌ను తెచ్చుకోవడానికి 190 రూపాయలు అవుతోంది, ఏడాదిలో అతని వల్ల వచ్చేది దానికి 5 రెట్లు. విజయవాడకు వెళ్ళడానికి 2 కోట్లు అడగాలనుకుంటున్నాం. ఇన్వెస్టర్లు ముందుగా యూనిట్ ఎకనామిక్స్, అంటే ఒక్కో ఆర్డరు, ఒక్కో కస్టమర్ మీద ఎంత మిగులుతుందో వివరిస్తూ ఒక లేఖ రాయమన్నారు. ఎలా రాయాలి? హబ్‌ల వారీ షీటు జత చేశాను.

సమాధానం:

మీ షీటు రెండుసార్లు చూశాను. కూడికలు, భాగహారాలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయితే పైన రాసిన అంకెల్లో ఒక్కటి కూడా ఇన్వెస్టరు తెలుసుకోవాలనుకునే విషయం చెప్పదు. ఇప్పటిదాకా సగటున ఎంత మిగిలిందన్నది ఆయనకు అంత ముఖ్యం కాదు. ఇకమీదట వచ్చే ఆర్డరు మీద, ఇకమీదట వచ్చే కస్టమర్ మీద, ఇకమీదట తెరిచే హబ్ మీద ఎంత మిగులుతుందన్నదే ఆయన ప్రశ్న. అదృష్టవశాత్తు దానికి జవాబు మీ షీటులోనే ఉంది, మీరు దాన్ని సగటు కింద కప్పేశారు.

ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. కొన్నేళ్ళ క్రితం ఇంటింటికీ పాలు వేసే ఒక కంపెనీలో లెక్కలు చూసేటప్పుడు నేనూ ఇలాగే అన్ని రూట్లనూ కలిపి ఒకే సగటు తీసి లేఖ రాశాను. ఇన్వెస్టర్ల తరఫున వచ్చిన కుర్రవాడు అరగంట కూర్చుని రూట్ల వారీగా విడదీస్తే, పాత రూట్ల లాభం కొత్త రూట్ల నష్టాన్ని మోస్తున్నట్టు తేలిపోయింది. నష్టం పెద్దదేమీ కాదు గాని, మేమే ముందుగా ఎందుకు చెప్పలేదన్న ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. రావలసిన రెండో విడత డబ్బు నాలుగు నెలలు ఆగింది.

ముందు 31 శాతం గ్రాస్ మార్జిన్, అంటే అమ్మిన ధరలో చేప ఖరీదు పోను మిగిలేదాని సంగతి చూద్దాం. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున వేలం పాటలో కిలో 600 చొప్పున మూడు కిలోల వంజరం కొన్నారనుకోండి. కోసే బల్ల మీద మొప్పలు, పేగులు, రెక్కలు, తల తీసేసి ముక్కలను కాటా మీద పెడితే సుమారు 2.1 కిలోలు తూగుతుంది. అంటే 600 పెట్టి కొన్న చేప ముక్కల లెక్కలో కిలో 857 పడింది. మీరు ఈ తరుగు లెక్కలోకి తీసుకున్నారు, అది మంచిదే. కానీ ఆ 2.1 కిలోలూ పూర్తి ధరకు అమ్ముడైనట్టే రాసుకున్నారు. సాయంత్రానికి మిగిలిపోయి సగం ధరకు పక్క హోటల్‌కు ఇచ్చేసినది, మరునాడు పొద్దున పారేసినది, కస్టమర్ వాసన వస్తోందని తిప్పి పంపినది ఇందులో ఎక్కడా కనబడవు. దీన్ని పట్టుకోవడానికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కరలేదు. నెల మొత్తంలో కొన్న బరువును రకాల వారీగా తరుగు పోగా మిగిలే శాతంతో గుణించి, బిల్లుల్లో పూర్తి ధరకు అమ్ముడైన బరువును దానిలోంచి తీసివేయండి. మిగిలిన తేడాయే మీ అసలు వృథా. హబ్ మేనేజర్ పుస్తకంలో రాసిన వృథాకూ ఈ తేడాకూ పొంతన కుదరకపోతే పుస్తకాన్ని కాదు, తేడానే నమ్మండి. పారేసినది రాస్తారు గాని, సగం ధరకు ఇచ్చేసినది వృథా అని ఎవరూ రాయరు.

మీ షీటులోని కొనుగోలు, బిల్లుల అంకెలతో నేను అలాగే చేసి చూశాను. రెండు హబ్‌లను విడదీసి, ఒక్కో ఆర్డరు మీద పడే ఖర్చులన్నీ వరుసగా తీసేస్తే వచ్చిన చిత్రం ఇది.

ఎంవీపీ కాలనీలో కూపన్లు పోను ఆర్డరుకు 540 రూపాయలు వస్తున్నాయి. అందులో చేప ఖరీదు 366. మిగిలిన 174 లోంచి వృథాకు 18, కోత, ప్యాకింగ్, ఐసులకు కలిపి 34, డెలివరీకి 42, పేమెంట్ గేట్‌వే ఫీజుకూ కస్టమర్లకు తిరిగి ఇచ్చిన డబ్బుకూ కలిపి 12 పోగా 68 రూపాయలు మిగులుతున్నాయి. ఆర్డరు వల్ల పుట్టిన ఖర్చులన్నీ పోను హబ్ అద్దెకూ జీతాలకూ మిగిలే ఈ మొత్తాన్నే కాంట్రిబ్యూషన్ అంటాం. గాజువాకలో ఆర్డరుకు వచ్చేది 480, చేప ఖరీదు 350. మిగిలిన 130 లోంచి వృథాకు 37, కోత, ప్యాకింగులకు 44, డెలివరీకి 65, గేట్‌వే వగైరాలకు 14 తీసేస్తే లెక్క సున్నాకు కిందికి వెళ్ళి, ఆర్డరుకు 30 రూపాయలు చేతి నుంచి పడుతున్నాయి.

రెండింటినీ కలిపితే సగటు 43 రూపాయల 50 పైసలు. లేఖలో ఈ అంకె మాత్రమే ఉంటే చదివేవారికి కంపెనీ ఆరోగ్యంగా కనిపిస్తుంది. నిజానికి ఆర్డరుకు 43 రూపాయలు మిగిలే హబ్ మీకు ఎక్కడా లేదు. 68 మిగిలేది ఒకటి, 30 పోయేది ఒకటి ఉన్నాయి. హబ్ స్థాయిలో అయితే తేడా ఇంకా స్పష్టం. ఎంవీపీలో నెలకు 4,500 ఆర్డర్ల మీద 3,06,000 వస్తే అద్దె, మేనేజరు, కరెంటు కలిపి 1,20,000 పోను 1,86,000 మిగులుతోంది. గాజువాకలో 1,500 ఆర్డర్ల మీద 45,000 పోయి, ఆపై 95,000 స్థిర ఖర్చు కలిసి నెలకు 1,40,000 నష్టం వస్తోంది.

ఇది చూసి గాజువాక తప్పు నిర్ణయం అనుకోనక్కరలేదు, చూపించడానికి భయపడనూ అక్కరలేదు. కొత్త హబ్ నష్టంలో ఉండటం ఈ వ్యాపారంలో మామూలే. అది ఎందుకు నష్టంలో ఉంది, ఆ కారణం ఆర్డర్లు పెరిగితే పోయేదా, పోనిదా అన్నదే తేల్చాలి. లేఖలో ఎక్కువ చోటు ఇవ్వవలసింది ఈ భాగానికే.

డెలివరీ ఖర్చు తీసుకోండి. పెట్రోలుతో సహా రైడరు గంటకు మీకు సుమారు 130 రూపాయలు పడుతున్నాడు. ఎంవీపీ హబ్ నుంచి లాసన్స్ బే కాలనీ, వెంకోజీపాలెం, ఇసుకతోట, పెదవాల్తేరు అన్నీ పక్కపక్కనే ఉంటాయి. ఒకే అపార్ట్‌మెంటులో మూడు గుమ్మాల దగ్గర ఆగే రోజులూ ఉంటాయి. అందుకే గంటకు 3.1 ఆర్డర్లు పూర్తవుతున్నాయి, ఆర్డరుకు 42 పడుతోంది. గాజువాక హబ్ రైడరు ఒక సంచి కూర్మన్నపాలెంలో, ఇంకొకటి పెదగంట్యాడలో, మూడోది ఉక్కునగరం లోపల ఇవ్వాలి. గంటకు రెండే అవుతున్నాయి, ఆర్డరుకు 65 పడుతోంది. రైడరు జీతం ఒకటే, బండి ఒకటే. తేడా అంతా రెండు గుమ్మాల మధ్య దూరంలో ఉంది. వృథా కూడా అంతే. రోజుకు 50 ఆర్డర్లు వచ్చే చోట వంజరం, చందువ, రొయ్య, కానాగంత అన్నీ కొంచెం కొంచెం తెచ్చిపెట్టాలి, ఏది మిగులుతుందో ఎవరూ చెప్పలేరు. 150 ఆర్డర్లు వచ్చే చోట ఆ ఊహ తప్పడం తగ్గుతుంది.

అయితే నెలల వయసును బట్టి రెండు హబ్‌లను పోల్చకండి. ఏడో నెలలో ఎంవీపీ ఎక్కడుంది, గాజువాక ఎక్కడుంది అని పోలిస్తే ప్రకటనల ఖర్చు, పండగలు, సీజను అన్నీ కలిసిపోతాయి. రోజుకు ఎన్ని ఆర్డర్ల దగ్గర ఎంత మిగిలిందో పోల్చండి. మీ పాత నెలల షీట్ల ప్రకారం ఎంవీపీ రోజుకు 50 ఆర్డర్ల దగ్గర ఉన్నప్పుడు ఆర్డరుకు 14 రూపాయలు పోయేవి. 80 దగ్గర 22 మిగిలింది, 100 దగ్గర 45, 130 దగ్గర 63, ఇప్పుడు 150 దగ్గర 68. కంపెనీ భవిష్యత్తు గురించి మీ దగ్గర ఉన్న అసలైన సాక్ష్యం ఈ ఐదు అంకెలే. నేనైతే లేఖలో గ్రాఫు ఒక్కటే పెట్టమంటే దీన్నే పెడతాను.

ఈ వరుస రెండు విషయాలు చెబుతోంది. మొదటిది, 100 దాకా ప్రతి అడుగుకూ లాభం గట్టిగా పెరిగింది, 130 దాటాక దాదాపు ఆగిపోయింది. అంటే ఆర్డర్లు పెరిగేకొద్దీ ఖర్చు తగ్గుతూనే ఉంటుందని మీరు రాయకూడదు. తగ్గేది డెలివరీ, వృథా మాత్రమే, వాటికీ ఒక హద్దు ఉంది. చేప ఖరీదు ఎంత కొన్నా తగ్గడం లేదు. హార్బర్‌లో కొనేది వేలం పాటలో కాబట్టి ఎక్కువ సరుకు కావలసినవాడికి తగ్గింపు దొరకదు, ఒక్కోసారి తన పాట తానే పెంచుకుంటాడు. హోల్‌సేల్ కిరాణా సరుకులాగా పరిమాణం పెరిగితే గ్రాస్ మార్జిన్ మెరుగవుతుందని అంచనాల షీటులో మూడో సంవత్సరానికి 36 శాతం వేశారు. దయచేసి అది తీసేయండి.

రెండోది, ఒకే 50 ఆర్డర్ల దగ్గర ఎంవీపీ 14 పోగొట్టుకుంటే గాజువాక 30 పోగొట్టుకుంటోంది. ఈ 16 రూపాయల తేడా వయసు వల్ల కాదు, ఆర్డర్ల సంఖ్య వల్లా కాదు. షీటులో వెదికితే దాదాపు సగం కూపన్ల నుంచి, మిగతా సగం దూరాల నుంచి వస్తోంది. కూపన్ మీ చేతిలో ఉంది, ఆపవచ్చు. కూర్మన్నపాలెం దగ్గరికి జరగదు. తేడా మొత్తం పోతుందనుకుంటే గాజువాక రోజుకు సుమారు 90 ఆర్డర్ల దగ్గర తన అద్దె, జీతాలు తాను సంపాదించుకుంటుంది. తేడా మొత్తం అలాగే ఉండిపోతే 100 దాటితేగాని ఆ స్థితి రాదు. లేఖలో రెండు అంకెలూ రాసి, దూరపు ప్రాంతాలకు ఉదయం ఒక్క నిర్ణీత సమయంలోనే డెలివరీ ఇచ్చి ఆ తేడాను తగ్గించే ప్రయత్నం ఎప్పటిలోగా చేస్తారో చెప్పండి.

ఇక్కడ ఒక చిన్న పక్కమాట. రోజుకు 150 అన్న సగటులో ఆదివారం 380, మిగతా రోజుల్లో 110 చొప్పున ఉన్నాయి. సోమవారం, గురువారం, శనివారం చేప ముట్టని ఇళ్ళు మన దగ్గర చాలా ఉన్నాయి కదా. కోసేవాళ్ళనూ రైడర్లనూ ఆదివారానికి సరిపడా పెట్టుకుంటే మిగతా ఆరు రోజులూ సగంమందికి పైగా ఖాళీగా కూర్చుంటారు. ఎన్ని హబ్‌లు తెరిచినా ఈ సమస్య తీరదు, ఎందుకంటే అన్ని హబ్‌లకూ ఆదివారం ఒకేరోజు వస్తుంది. విజయవాడలోనూ అంతే. ఆదివారానికి మాత్రమే రోజుకూలి మీద వచ్చే మనుషులను కుదుర్చుకోవడమే దీనికి మందు. ఎంవీపీలో అది ఇప్పటికే చేస్తున్నారు కనుక కోత ఖర్చు 34 దగ్గర ఉంది.

ఇక కస్టమర్ లెక్క. 190 రూపాయల అంకె ఎలా వచ్చిందో చూశాను. నెలకు ప్రకటనల మీద పెట్టిన 2,09,000ను ఆ నెలలో కొత్తగా వచ్చిన 1,100 మందితో భాగించారు. ఆ 1,100 మందిలో 500 మంది అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపుల ద్వారా, పక్కింటివారు చెప్పడం వల్ల వచ్చారు, ప్రకటన చూసి కాదు. ప్రకటన వల్ల వచ్చిన 600 మందితో భాగిస్తే ఒక్కొక్కరికి 348 అవుతుంది. దీనికి మార్కెటింగ్ ఉద్యోగి జీతం కూడా కలపాలంటారు, నిజమే, కానీ మీరు దాన్ని హెడ్డాఫీసు ఖర్చులో చూపిస్తున్నారు కనుక రెండుచోట్ల వేయవద్దు. మొదటి ఆర్డరు కూపన్ సంగతీ అంతే. ఆర్డరు ధరలోంచి ఇప్పటికే తీసేశారు కాబట్టి మళ్ళీ ఇక్కడ కలపకండి. ఏది ఎక్కడ వేశారో ఒక్క వాక్యంలో చెబితే చాలు.

348 కన్నా ముఖ్యమైన అంకె ఇంకొకటి ఉంది. సెప్టెంబరు నుంచి నవంబరు వరకు నెలకు 1,20,000 ఖర్చుతో ప్రకటనల ద్వారా 420 మంది వచ్చారు, అంటే ఒక్కొక్కరికి 286. ఆ తర్వాత ఖర్చును 2,09,000 చేస్తే 600 మంది వచ్చారు. అదనంగా పెట్టిన 89,000కు అదనంగా వచ్చినది 180 మందే. అంటే ఆఖరున తెచ్చుకున్న ఒక్కో కస్టమర్‌కు 494 రూపాయలు పడింది. పైగా మొదటి మూడు నెలల్లో కార్తీకమాసం ఉంది, అప్పుడు సగం ఊరు చేప తినదు. మామూలు నెలలైతే ఆ 1,20,000కే 420 కన్నా ఎక్కువమంది వచ్చేవారు, అప్పుడు అదనపు కస్టమర్ ఖరీదు 494ను కూడా దాటేది.

దీనికి ఎదురుగా ఆ కస్టమర్ ఏమిస్తాడో పెట్టాలి. మీరు ఏడాదికి 6 ఆర్డర్లను 163 రూపాయల గ్రాస్ మార్జిన్‌తో గుణించి 978 అన్నారు. అక్కడి నుంచే 5 రెట్లు వచ్చింది. 6 అన్నది సరైన అంకే. ఎంవీపీ తెరిచిన మొదటి మూడు నెలల్లో చేరినవారందరినీ, ఒక్కసారి కొని మానేసినవారితో సహా, పన్నెండు నెలల పాటు లెక్కించి తీశారు కనుక దాన్ని నమ్మవచ్చు. చాలామంది ఇప్పటికీ కొంటున్నవారిని మాత్రమే లెక్కపెట్టి తమను తాము మోసం చేసుకుంటారు, మీరు ఆ తప్పు చేయలేదు. కానీ గుణించవలసింది 163తో కాదు, 68తో. డెలివరీ, వృథా ఇవేవీ లేకుండా ఆ కస్టమర్ ఇంటికి చేప వెళ్ళదు కదా. 6 ఆర్డర్లకు 68 చొప్పున ఏడాదికి 408.

ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూడండి. 286 పెట్టి తెచ్చుకున్న కస్టమర్ ఏడాదిలోపే తన ఖరీదు తీర్చి 122 మిగులుస్తాడు. 348 దగ్గర కూడా ఏడాదిలోనే తీరుతుంది, చేతికి వచ్చేది 60 మాత్రమే. 494 పెట్టి తెచ్చుకున్నవాడు ఏడాది తిరిగినా తన ఖరీదు తీర్చలేడు. అదీ ఎంవీపీలో, గాజువాకలో అయితే ప్రతి ఆర్డరుకూ నష్టం ఇంకా పెరుగుతుంది. కాబట్టి ప్రకటనల ఖర్చును తిరిగి 1,20,000కు దించుతున్నామని లేఖలో రాయండి. ఎదగడానికి డబ్బు అడిగే లేఖలో ఖర్చు తగ్గిస్తున్నామని రాయడం వింతగా అనిపించవచ్చు. నా అనుభవంలో మాత్రం ఇన్వెస్టర్లు మిగతా లేఖను నమ్మి చదివేది అలాంటి వాక్యం తర్వాతే.

ఇంతవరకు చూసినదాన్ని బట్టి మీ వ్యాపారంలో పెరిగే యూనిట్ ఆర్డరు కాదు, హబ్. ఆర్డరు లాభం అది ఏ హబ్‌లో, ఎంత రద్దీలో పడిందన్న దాన్ని బట్టి మారిపోతోంది కనుక దాన్ని పట్టుకుని పెరుగుదల గురించి ఏమీ చెప్పలేం. ఒక హబ్‌ను రోజుకు 130 ఆర్డర్ల దాకా తీసుకురావడానికి ఎంత డబ్బు, ఎన్ని నెలలు పడతాయి, ఆ తర్వాత నెలకు ఎంత ఇస్తుంది అన్న మూడు అంకెలు ఉంటే 2 కోట్లతో ఏమవుతుందో ఎవరైనా లెక్క వేయగలరు.

ఎంవీపీ చరిత్ర ప్రకారం 130 ఆర్డర్ల హబ్ నెలకు 3,900 ఆర్డర్ల మీద 63 చొప్పున 2,45,700 తెచ్చి, స్థిర ఖర్చు 1,20,000 పోను సుమారు 1,25,000 ఇస్తుంది. గాజువాక ఇప్పటిదాకా తీసుకున్నది 16 లక్షలు. అందులో ఫ్రీజర్లు, కోసే బల్లలు, అద్దె అడ్వాన్సు కలిపి 6, నెలవారీ నష్టాలు 10. ఇంకో ఎనిమిది నెలల్లో నష్టం క్రమంగా సున్నాకు వస్తుందనుకుంటే మరో 5 లక్షల 60 వేలు పోతాయి. అంటే హబ్‌కు ప్రకటనలు కాకుండా సుమారు 22 లక్షల పెట్టుబడి. 130 ఆర్డర్లకు చేరాక అది తిరిగి రావడానికి దాదాపు 18 నెలలు. హెడ్డాఫీసుకు నెలకు 3,50,000, దించాక ప్రకటనలకు 1,20,000 అవుతాయి కాబట్టి, ఈ 4,70,000 పూడాలంటే ఎంవీపీ ఇచ్చే 1,86,000కు తోడు నిలదొక్కుకున్న హబ్‌లు మరో మూడు కావాలి. మొత్తం నాలుగు.

ఆ నాలుగింటి కోసం విజయవాడ వెళ్ళనక్కరలేదన్నదే నాకు కనిపిస్తున్న జవాబు. గాజువాకను నిలబెట్టి, మధురవాడలో ఒకటి, ఎన్ఏడీ కొత్త రోడ్డు లేదా గోపాలపట్నం వైపు ఒకటి తెరిస్తే నాలుగవుతాయి. నాలుగింటికీ తెల్లవారుజామున ఒకే హార్బర్‌లో ఒకే మనిషి కొంటాడు. ఒక చోట మిగిలిన రొయ్య మధ్యాహ్నానికి ఇంకో హబ్‌కు వెళ్ళగలదు. విజయవాడ ఇక్కడికి సుమారు 350 కిలోమీటర్లు. సముద్రపు చేప ఐసులో రాత్రంతా ప్రయాణించి మరునాటికి చేరుతుంది, పొద్దున్న పడిన చేప మధ్యాహ్నానికి మీ ఇంట్లో అన్న మీ మాట అక్కడ చెల్లదు. అక్కడ రవాణా ఖర్చు, మిగిలిన సరుకును సర్దుకోవడానికి వీలు లేకపోవడం రెండూ కలిసి, గాజువాకలోని 16 రూపాయల తేడాకు మించిన తేడాతో మొదలవుతారు. గాజువాక 90 దాటేదాకా ఆ ప్రయోగానికి మీ దగ్గర ఆధారం లేదు. డబ్బు కూడా 2 కోట్లు అక్కరలేదు. రెండు కొత్త హబ్‌లకు 44 లక్షలు, గాజువాకకు మిగిలిన 5 లక్షల 60 వేలు, హెడ్డాఫీసు లోటుకు ఏడాదిన్నరకు సరిపడా మొత్తం, చేతిలో ఉంచుకోవలసిన కొంత కలుపుకుని అడగండి.

లేఖలో ఈ భాగాన్ని దాదాపు ఇలా రాయవచ్చు, మీ మాటల్లో మార్చుకోండి.

“గత మూడు నెలల్లో మా రెండు హబ్‌ల ఫలితాలు ఒకదానికొకటి భిన్నంగా ఉన్నాయి, కనుక సగటు ఇవ్వడం లేదు. ఎంవీపీ కాలనీలో ప్రతి ఆర్డరుకూ 68 రూపాయలు మిగులుతున్నాయి, గాజువాకలో 30 రూపాయలు నష్టపోతున్నాం. ఎంవీపీ కూడా రోజుకు 50 ఆర్డర్ల దగ్గర నష్టంలోనే ఉండేది, అయితే ఆ నష్టం 14 రూపాయలే. గాజువాకలో అదనంగా పోతున్న 16 రూపాయల్లో సగం మేము ఇస్తున్న కూపన్ల వల్ల, వాటిని ఈ నెలాఖరుకు ఆపుతున్నాం. మిగతా సగం దూరాల వల్ల, దాన్ని పూర్తిగా తీసివేయగలమని మేము అనుకోవడం లేదు. గాజువాక అక్టోబరు చివరికి రోజుకు 90 ఆర్డర్లకు చేరకపోతే మూడో హబ్ తెరవము.”

చివరి వాక్యం రాయడానికి చాలామంది వెనకాడతారు. అది లేకపోతే మిగతావన్నీ ఆశలుగానే మిగులుతాయి, ఎందుకంటే ఏ అంకె వస్తే మీ అంచనా తప్పినట్టో మీరు చెప్పలేదు.

తేదీ గురించి కూడా ఒక మాట. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మెకనైజ్డ్, మోటారు బోట్లకు వేట నిషేధం. ఎంవీపీ హబ్ ఒక నిషేధ కాలాన్ని దాటింది కనుక 6 ఆర్డర్ల అంకెలో దాని ప్రభావం ఇప్పటికే ఉంది. ఆగస్టులో తెరిచిన గాజువాక దాన్ని ఇంకా చూడలేదు. ఆ రెండు నెలలూ చెరువు రొయ్య, పండుగొప్ప, కొరమీనులతోనూ మోటారు లేని నాటు పడవల సరుకుతోనూ నెట్టుకురావాలి. సముద్రపు చేప కోసమే చేరినవాళ్ళలో కొందరు ఆర్డరు పెట్టడం మానేస్తారు. మార్చిలో చేరినవారి మూడు నెలల అంకె చూస్తే కస్టమర్లు పారిపోతున్నట్టే కనిపిస్తుంది, దాన్ని కిందటి మార్చిలో చేరినవారితో మాత్రమే పోల్చండి. నేను పైన వేసిన ఎనిమిది నెలల అంచనాలో ఈ 61 రోజులూ కలిసే ఉన్నాయి, అందుకే అది పొడవుగా ఉంది.

కనుక లేఖను ఏప్రిల్ 15కు ముందే పంపండి, మే నెలలో రెండు హబ్‌లకూ రోజుకు ఎన్ని ఆర్డర్లు వస్తాయనుకుంటున్నారో అందులోనే రాయండి. కిందటి మేలో ఎంవీపీ ఆర్డర్లు దాని ముందు మార్చితో పోలిస్తే ఎంత తగ్గాయో మీ పాత షీటులో ఉంది, అదే నిష్పత్తి గాజువాకకూ వేసి, దూరాల కారణంగా ఇంకొంచెం తగ్గించండి. జూన్‌లో నెలవారీ నివేదిక పంపేటప్పుడు ఆ అంచనా పక్కనే వచ్చిన అంకె పెట్టండి.